ఆరు డయోడ్లు, ఒక జనరేటర్: హోప్ టౌన్ అనుభవం నేర్పిన పి-ఎన్ సంధి పాఠం

పోర్ట్‌బ్లెయిర్ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. ఆ నగరానికి ఎదురుగా, రేవుకు ఆవలి ఒడ్డున, 2021 వరకు మౌంట్ హారియెట్ అనే పేరున్న కొండ పాదం వద్ద హోప్ టౌన్ ఉన్నది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హత్య జరిగిన చోటుగా చరిత్ర పుస్తకాలలో ఈ పేరు కనబడుతుంది. విద్యుత్తు పనిలో ఉన్న మా వంటివారికి మాత్రం ఈ ప్రదేశం మరొక కారణంగా గుర్తుండిపోయింది. ప్రధాన భూభాగం నుండి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి ఇక్కడకు విద్యుత్ తీగ రాలేదు. కావలసిన విద్యుత్తును ఏ దీవికి ఆ దీవే తయారు చేసుకోవాలి. ఆ భారంలో అధిక భాగాన్ని డీజిల్ జనరేటర్లు మోస్తున్నాయి. విడిభాగం కావాలంటే చెన్నై నుండో, కలకత్తా నుండో ఓడ రావాలి. అందువల్ల ఇక్కడ యంత్రం ఆగినప్పుడు లోపం ఏ భాగంలో ఉన్నదో ముందుగా తేల్చుకోవడం ఎంతో అవసరం. తొందరపడి మంచి భాగాన్ని విప్పి కొత్తది తెప్పించుకుంటే, ఓడ వచ్చిన తరువాత కూడా యంత్రం చెడిపోయినట్లే ఉంటుంది.

ఇటువంటి ఒక సందర్భంలో మేము చూచిన చిన్న వస్తువును గురించి ఈ వ్యాసంలో ముచ్చటిస్తాము. ఆ వస్తువు పేరు డయోడ్. అది ఒక దిశలో విద్యుత్తును పోనిచ్చి, రెండవ దిశలో ఆపుతుందని మన పిల్లలు ఇంటర్మీడియట్‌లోనే చదువుకుంటారు. డయోడ్ మనకు ఉపయోగపడేది పోనిచ్చే దిశలోనే. కాని దాని ఆయుష్షును నిర్ణయించేది ఎక్కువగా ఆపే దిశ. ఈ ఒక్క విషయాన్ని గ్రహిస్తే తక్కిన కథ సులభంగా అర్థమవుతుంది.

సంధి వద్ద ఏమి జరుగుతుంది?

స్వచ్ఛమైన సిలికాన్ విద్యుత్తును అంతంతమాత్రంగానే ప్రవహింపజేస్తుంది. అందులో అతి స్వల్పంగా ఫాస్ఫరస్ కలిపితే స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి. దానిని ఎన్-రకం అంటారు. బోరాన్ కలిపితే ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట ఖాళీలు ఏర్పడతాయి. ఈ ఖాళీలనే రంధ్రాలు అంటారు. అది పి-రకం. ఒకే సిలికాన్ ముక్కలో ఒక వైపు పి, మరొక వైపు ఎన్ ఉంటే, ఆ రెండూ కలిసే సరిహద్దును పి-ఎన్ సంధి అంటారు. 1940లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రస్సెల్ ఓల్ ఇటువంటి సంధిని సిలికాన్‌లో గుర్తించారు.

సరిహద్దు వద్ద ఎలక్ట్రాన్లు కొన్ని అవతలకు, రంధ్రాలు కొన్ని ఇవతలకు జరిగి ఒకదానితో ఒకటి కలిసి లుప్తమవుతాయి. ఫలితంగా అక్కడ స్వేచ్ఛా వాహకాలు లేని పలుచని పొర ఏర్పడుతుంది. పాఠ్యపుస్తకాలు దీనిని లేమి పొర అంటాయి. దీనికి రెండు వైపులా ఆవేశాలు నిలిచిపోవడం వల్ల ఒక వోల్టేజి గోడ లేస్తుంది. సిలికాన్‌లో దాని ఎత్తు సుమారు 0.7 వోల్టు.

బ్యాటరీ ధన ధ్రువాన్ని పి వైపు, ఋణ ధ్రువాన్ని ఎన్ వైపు కలిపితే దానిని ఫార్వర్డ్ బయాస్ అంటారు. తెలుగు పుస్తకాలలోని పురోశక్మం ఇదే. ఈ స్థితిలో గోడ ఎత్తు తగ్గుతుంది. బ్యాటరీ వోల్టేజి 0.3 వోల్టు ఉన్నప్పుడు ప్రవాహం దాదాపు లేనట్లే ఉంటుంది. 0.6 దాటగానే అది వేగంగా పెరగసాగుతుంది. చిన్న ప్రవాహాల వద్ద ఆదర్శ డయోడ్‌లో వోల్టేజి మరొక 60 మిల్లీవోల్టులు పెరిగితే చాలు, ప్రవాహం పదిరెట్లు అవుతుంది. పెద్ద డయోడ్లలో పదుల ఆంపియర్లు పోతున్నప్పుడు దాని మీద నిలిచే వోల్టేజి ఇంచుమించు ఒక వోల్టు మాత్రమే. కాని ఆ ఒక్క వోల్టు వృథాగా వేడి అవుతుంది. పది ఆంపియర్ల సగటు ప్రవాహానికి పది వాట్లు. గోరంత సిలికాన్ ముక్క నుండి ఆ వేడిని బయటకు లాగడానికే డయోడ్‌ను లోహపు పలకకు గట్టిగా బిగిస్తారు.

ధ్రువాలను తారుమారు చేస్తే అది రివర్స్ బయాస్, అంటే తిరోశక్మం. ఇప్పుడు వాహకాలు సంధి నుండి దూరంగా లాగబడతాయి, లేమి పొర వెడల్పవుతుంది, గోడ మరింత ఎత్తవుతుంది. అప్పటికీ లీకేజి అనే అతి చిన్న ప్రవాహం ఉంటుంది. చల్లగా ఉన్న మంచి డయోడ్‌లో అది మైక్రోఆంపియర్లలో ఉంటుంది. సుమారు ప్రతి పది డిగ్రీల వేడికి అది రెట్టింపవుతుంది. వోల్టేజిని ఇంకా పెంచుకుంటూ పోతే, ఒక హద్దు వద్ద లోపలి విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను ఎంత వేగంగా తోస్తుందంటే, అవి పరమాణువులను ఢీకొని కొత్త ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అవి మరికొన్నింటిని ఊడగొడతాయి. ప్రవాహం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ హద్దునే భంజన వోల్టేజి అంటారు. వెనుక ఉన్న వలయం ఆ ప్రవాహాన్ని అదుపు చేయలేకపోతే, ఎక్కువ వోల్టేజి, ఎక్కువ ప్రవాహం ఒకే చుక్క మీద పడి సిలికాన్ కరిగిపోతుంది. చల్లారిన తరువాత అక్కడ సంధి ఉండదు, రెండు దిశలా దారి ఇచ్చే తీగముక్క మిగులుతుంది.

నూతిలోని పంపుగొట్టం అడుగున బిగించే ఫుట్‌వాల్వును పాఠకులు చూచే ఉంటారు. స్ప్రింగు బిగువును దాటగానే అది నీటిని పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. పైనున్న నీటి బరువు దాని శక్తిని మించితే మాత్రం రేకు విరుగుతుంది. విరిగిన రేకు రెండు వైపులా తెరిచిన తలుపే.

ఇంటి అడాప్టరు నుండి జనరేటర్ వరకు

ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే వలయాన్ని రెక్టిఫయర్ అంటారు. ఒకే డయోడ్‌ను వాడితే తరంగంలో సగమే పనికి వస్తుంది. నాలుగు డయోడ్లను వంతెనవలె కలిపితే రెండు సగాలూ ఒకే దిశలో బయటకు వస్తాయి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖర వోల్టేజి సుమారు 17. వంతెనలో ప్రవాహం ఎప్పుడూ రెండు డయోడ్ల గుండా వెళుతుంది గనుక 1.4 వోల్టులు పోగా, కెపాసిటర్ మీద సుమారు 15.6 నిలుస్తుంది. ఇది ముందు దిశ లెక్క.

వెనుక దిశ లెక్కను చాలామంది మరచిపోతారు. ఒకే డయోడ్, ఒక కెపాసిటర్ ఉన్న వలయాన్ని 230 వోల్టుల సరఫరాకు నేరుగా కలిపామనుకుందాము. కెపాసిటర్ 325 వోల్టుల శిఖరం వరకు నిండి అక్కడే నిలుస్తుంది. మరుసటి అర్ధతరంగంలో సరఫరా వైపు వోల్టేజి వ్యతిరేక దిశలో 325కు చేరుతుంది. అప్పుడు డయోడ్ భరించవలసినది 325 కాదు, రెండూ కలిపి 650. అందుచేత 600 వోల్టుల 1ఎన్4005 అక్కడ నిలువదు, 1000 వోల్టుల 1ఎన్4007 కావాలి. రెండూ ఒక ఆంపియరువే, చూడడానికి రెండూ ఒకటే.

ఇక జనరేటర్ సంగతి. నేటి డీజిల్ జనరేటర్లలో ఎక్కువ వాటికి కార్బన్ బ్రష్‌లు లేవు. తిరిగే అయస్కాంతానికి, అనగా ప్రధాన రోటర్‌కు, ఏకముఖ విద్యుత్తు కావాలి. దానిని బయటనుండి బ్రష్‌ల ద్వారా పంపకుండా అదే ఇరుసు మీద ఎక్సైటర్ అనే చిన్న జనరేటర్‌ను అమర్చుతారు. ఎక్సైటర్ ఇరుసు మీదనే మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తును పుట్టిస్తుంది. ఇరుసుతో పాటు నిమిషానికి 1500 సార్లు తిరిగే పలకల మీద బిగించిన ఆరు డయోడ్లు దానిని ఏకముఖం చేసి ప్రధాన రోటర్‌కు అందిస్తాయి. కదలకుండా ఉండే ఎక్సైటర్ చుట్టకు ఎంత విద్యుత్తు ఇవ్వాలో ఏ.వి.ఆర్. అనే వోల్టేజి నియంత్రకం చూచుకుంటుంది. బయటి వోల్టేజి తగ్గితే అది ఎక్కువ ఇస్తుంది, పెరిగితే తక్కువ ఇస్తుంది.

ఈ ఆరింటిలో మూడు డయోడ్లు ప్రవాహాన్ని రోటర్‌కు పంపుతాయి, మూడు దానిని వెనుకకు తీసుకుంటాయి. ఏ క్షణంలోనైనా పంపే మూడింటిలో ఏ ఫేజు వోల్టేజి ఎక్కువగా ఉన్నదో దాని డయోడ్ మాత్రమే ఫార్వర్డ్ బయాస్‌లో ఉంటుంది, తక్కిన రెండూ రివర్స్ బయాస్‌లో ఉంటాయి. ఈ విధంగా ఒక్కొక్క డయోడ్ వంతు మూడింట ఒకటి. రోటర్‌కు 30 ఆంపియర్లు పోతుంటే ఒక్కో డయోడ్ సగటు పది ఆంపియర్లు.

హోప్ టౌన్‌లో జరిగినది

అక్కడి ఒక కార్యాలయ ఆవరణలో సరఫరా పోయినప్పుడు వాడే 125 కె.వి.ఏ. జనరేటర్ ఉండేది. ఒకనాడు దానికి జబ్బు చేసినదని మాకు కబురు వచ్చింది. భారం లేనప్పుడు వోల్టేజి సరిగా 415 చూపుతున్నది. మూడవ వంతు భారం వేయగానే 340కి పడిపోయి, కొన్ని క్షణాలకే ఏ.వి.ఆర్. తనంతట తాను కట్టివేసుకుంటున్నది. ఏ.వి.ఆర్. చెడిపోయినదని అక్కడివారు నిర్ణయించుకొని, కొత్తదానికి ఉత్తరం కూడా సిద్ధం చేశారు. ఆ ఉత్తరాన్ని ఒక్క పూట ఆపమని కోరాము.

ముందుగా ఏ.వి.ఆర్. ఎక్సైటర్‌కు ఎంత ఇస్తున్నదో భారం లేకుండా కొలిచాము. మీటర్ 31 వోల్టులు చూపింది. యంత్రాన్ని ప్రతిష్ఠించినప్పటి పరీక్షా పత్రంలో అదే స్థితికి 11 వోల్టులు అని వ్రాసి ఉన్నది. నియంత్రకం నిజంగా చెడిపోయి ఉంటే తక్కువ ఇవ్వాలి. ఇది దాదాపు మూడురెట్లు ఇస్తున్నది. అంటే అది తన శక్తికి మించి శ్రమించి ఆ 415ను నిలబెడుతున్నది. భారం పడితే ఇంకా ఇవ్వలేక, చుట్టను కాపాడుకోవడానికి తప్పుకుంటున్నది.

రెండవ పరీక్షతో సందేహం తీరింది. ఇంజన్ ఆపి, ఏ.వి.ఆర్. తీగలను ఎక్సైటర్ చుట్ట నుండి విప్పి, ఆ స్థానంలో 12 వోల్టుల బ్యాటరీని ధన, ఋణ ధ్రువాలు తారుమారు కాకుండా కలిపాము. భారం లేకుండా యంత్రాన్ని పూర్తి వేగంతో నడిపాము. 11 వోల్టులకే 415 ఇచ్చే ఆరోగ్యవంతమైన యంత్రం 12 వోల్టులకు ఇంచుమించు అంతే ఇవ్వాలి. మాకు వచ్చినది 150 వోల్టులు మాత్రమే. ఏ.వి.ఆర్. వలయంలోనే లేదు, అయినా లోపం అలాగే ఉన్నది. కనుక లోపం ఇరుసు మీద ఉన్నది.

దీనికి కారణం పైన చెప్పిన రివర్స్ బయాస్‌లోనే దొరుకుతుంది. ఆరింటిలో ఒక డయోడ్ కరిగి రెండు దిశలా దారి ఇస్తున్నదనుకుందాము. పక్క ఫేజు వంతు వచ్చినప్పుడు ఆ డయోడ్ రివర్స్ బయాస్‌లో నిలిచి దారి మూయవలసి ఉన్నది. మూయదు. పక్క ఫేజు నుండి వచ్చిన ప్రవాహం రోటర్‌కు పోవడానికి బదులు ఈ చెడిన డయోడ్ గుండా వెనుకకు దిగి ఎక్సైటర్ చుట్టలోకే పోతుంది. రెండు ఫేజులు షార్ట్ అయినట్లే. ఎక్సైటర్ పుట్టించిన శక్తిలో అధిక భాగం తన చుట్టను తానే వేడి చేసుకోవడానికి ఖర్చవుతుంది. అలాగే నడిపితే కొంతకాలానికి ఆ చుట్ట కూడా కాలిపోతుంది. డయోడ్ కరగక తెగిపోయినట్లయితే ఇంత నష్టం ఉండదు. తక్కిన ఐదూ పని లాగుతాయి, ఎక్సైటర్ వోల్టేజి కొద్దిగా పెరుగుతుంది, చాలామంది గమనించరు కూడా. మూడురెట్ల పెరుగుదల కనిపించినందువల్లనే ఇది తెగినది కాదు, కరిగినది అని ఊహించాము.

ఇంజన్ ఆపి, స్టార్టింగ్ బ్యాటరీ తీగ విప్పి, వెనుక మూత తెరిచాము. డయోడ్లను ఉన్నచోటనే కొలిస్తే మీటర్ తప్పు చెబుతుంది. ఎక్సైటర్ చుట్ట, రోటర్ చుట్ట రెండూ అతి తక్కువ నిరోధం గలవి గనుక వాటి గుండా దారి దొరికి, మంచి డయోడ్ కూడా షార్ట్ అయినట్లు కనబడుతుంది. అందుచేత ఒక్కొక్క డయోడ్ తీగను విప్పి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద ఉంచి కొలిచాము. ఐదు డయోడ్లు ముందు దిశలో 0.44 నుండి 0.47 వోల్టుల వరకు చూపాయి. ఈ మీటర్ పంపే ప్రవాహం ఒక మిల్లీఆంపియరుకు అటూఇటూ మాత్రమే కనుక, ఇంత పెద్ద డయోడ్‌కు 0.7 కాక ఈ అంకెయే సహజం. వెనుక దిశలో ఐదూ మూసుకొనే ఉన్నాయి. ఆరవది రెండు దిశలా సున్నా. దొంగ దొరికాడు.

ఇక్కడితో ఆపి ఒక్క డయోడ్‌ను మార్చి యంత్రాన్ని నడపవచ్చునని అక్కడివారు అన్నారు. మేము మాత్రం మిగిలిన ఐదింటినీ ఊడదీసి, 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్‌తో వెనుక దిశలో చూచాము. మల్టీమీటర్ పరీక్షించేది రెండు మూడు వోల్టులతో మాత్రమే. ఫుట్‌వాల్వును చెంబెడు నీళ్ళతో పరీక్షించడం వంటిది అది. టెస్టర్‌తో నాలుగు డయోడ్లు ఎన్నో మెగోమ్‌లు చూపాయి. ఒకటి మాత్రం 0.1 మెగోమ్ వద్ద ఆగిపోయింది. 1600 వోల్టులను ఆపవలసిన డయోడ్ 500కే కారుతున్నదన్నమాట. మల్టీమీటర్ దానికి మంచి యోగ్యతాపత్రం ఇచ్చింది. అది కొద్ది వారాలలో మొదటిదాని దారి పట్టి ఉండేది. ఈ పరీక్షను డయోడ్‌ను పూర్తిగా విడదీసిన తరువాతనే చేయాలి. యంత్రం చుట్టలను ఇన్సులేషన్ టెస్టర్‌తో చూచేటప్పుడు డయోడ్లను విప్పడమో, తీగముక్కతో షార్ట్ చేయడమో తప్పనిసరి.

డయోడ్ ఎందుకు చచ్చింది?

రోటర్‌కు కావలసినది ఏభై వోల్టులలోపే. రోజువారీ పనిలో డయోడ్ మీద పడే వెనుక వోల్టేజి కూడా అంతకు ఎంతో మించదు. అయినా తయారీదారు 1600 వోల్టుల డయోడ్లను పెట్టాడు. అది దుబారా కాదు. బయట షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు, లేదా రెండు జనరేటర్లను తరంగాలు సరిగా కలవకముందే జోడించినప్పుడు, స్టేటర్‌లో ఉప్పెనవంటి ప్రవాహం పుడుతుంది. అది ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం ప్రకారం రోటర్ చుట్టలో కూడా ఊగిసలాడే ప్రవాహాన్ని ప్రేరేపిస్తుంది. మామూలు దిశలో ఊగినంతసేపు డయోడ్లు దారి ఇస్తాయి. వ్యతిరేక దిశలో ఊగబోతే దారి మూస్తాయి. దారి దొరకని ఆ శక్తి వోల్టేజిగా మారి, వందల వోల్టులై, అవే డయోడ్ల మీద రివర్స్ బయాస్‌గా పడుతుంది. అటువంటి క్షణాలలో కొంత దెబ్బ తాను తినడానికి రోటర్ చివరల మధ్య వేరిస్టర్ అనే రక్షక భాగాన్ని పెడతారు.

అక్కడి చిట్టాలో వెదకగా, పదిరోజుల క్రితం ఆవరణలోని ఒక కేబుల్ జాయింటులో తేమ చేరి షార్ట్ అయినట్లు, బ్రేకర్ పడినట్లు వ్రాసి ఉన్నది. వేరిస్టర్‌ను చూడగా నిలువునా బీట వారి నల్లబడి ఉన్నది. ఆ దెబ్బకు అది మరణించి ఉండవచ్చు, లేక అంతకు ముందే పోయి డయోడ్లను అనాథలను చేసి ఉండవచ్చు. రెంటిలో ఏది నిజమైనా చేయవలసిన పని ఒకటే. ఆరు డయోడ్లనూ, వేరిస్టర్‌నూ కలిపి మార్చాలి. ఒకే దెబ్బను ఆరూ పంచుకున్నాయి గనుక, బ్రతికినవాటిని నమ్మరాదు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ఉన్నది. మూడు డయోడ్లకు మరమేకు వైపు కాథోడ్, మూడింటికి మరమేకు వైపు ఆనోడ్ ఉంటుంది. పైకి రెండు రకాలూ కవలపిల్లలు. ఒకటి తప్పు పలక మీదకు వెళితే, మూయవలసిన వేళ తెరిచి, మొదటి లోపాన్నే తిరిగి తెస్తుంది. మీద ముద్రించిన గుర్తును నమ్ముకోక, ప్రతిదానినీ మీటర్‌తో చూచి రెండు కుప్పలు పోశాము. పలక మీది ఉప్పు పొరను తుడిచి, వేడిని తీసుకుపోయే లేపనాన్ని పలుచగా రాసి, తయారీదారు చెప్పిన బిగువుతోనే టార్క్ రెంచితో బిగించాము. వదులైతే వేడి బయటకు పోదు. మరీ బిగిస్తే లోపలి సిలికాన్ పలక చిట్లుతుంది.

తిరిగి నడిపినప్పుడు భారం లేకుండా ఎక్సైటర్ వోల్టేజి 11 వద్ద నిలిచింది. మూడవ వంతు భారానికి బయటి వోల్టేజి 415 నుండి కదలలేదు. పాత ఏ.వి.ఆర్. తన స్థానంలోనే ఉండిపోయింది. కొత్తదాని కోసం వ్రాసిన ఉత్తరం చిత్తుకాగితాలలో చేరింది.

ఈ కథలో లోపాన్ని పట్టించినది పరీక్షా పత్రంలోని ఒక్క అంకె, భారం లేని స్థితిలో 11 వోల్టులు. ఆ అంకె లేకపోతే 31 ఎక్కువో తక్కువో చెప్పగలిగేవారు అక్కడ లేరు. జనరేటర్లను చూచుకునే మన సహోద్యోగులు నెలకొకసారి, భారం లేకుండా ఒకసారి, తెలిసిన భారంతో ఒకసారి, ఎక్సైటర్ వోల్టేజిని కొలిచి చిట్టాలో వ్రాసి ఉంచవలసినదిగా కోరుతున్నాము. అంకె కొద్దిగా పెరిగి అక్కడే నిలిచితే ఒక డయోడ్ తెగి ఉండవచ్చు. రెట్టింపు దాటితే ఒకటి కరిగి ఉండవచ్చు. బయట షార్ట్ జరిగిన ప్రతిసారీ నెల వచ్చేవరకు ఆగక, ఆ రోజే కొలవాలి.